తొంభై దగ్గర తలుపు

ఆ ఆఫీసులో ఆమెను అందరూ వదిన అనే పిలిచేవారు. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన ఓనరు కూడా నోరు జారి వదినా అనేసి, ఆ తరవాత ఇక సర్దుకోవడం మానేశాడు. ఆ పిలుపు అంటించింది ఆమె సొంత మరిది. కంప్యూటర్ ఆటలు చేసే ఆ చిన్న కంపెనీలో తనకు బొమ్మలు గీసే ఉద్యోగం దొరికిన రోజునే, ప్రోగ్రామ్ రాసే మనిషి కావాలని ఓనరు అంటే, "మా వదినుందిగా, ఇంట్లో ఖాళీగా కూర్చుని నన్ను తిడుతోంది, ఇక్కడైతే జీతం తీసుకుని తిడుతుంది" అని లాక్కొచ్చాడు.

ఇప్పుడు మరిది లేడు. జ్వరమని పడుకున్నవాడు వారం తిరక్కుండా పోయాడు. కుర్చీ ఉంది. కుర్చీ వీపుకు తగిలించిన స్వెట్టరు ఉంది. తీసేద్దామని ఎవరూ అనలేదు, అంటే ఎవరు తీయాలన్న ప్రశ్న వస్తుందని.

వాడు వదిలిపోయిన పనుల్లో పూర్తయింది ఒకటే. పాత ఇంట్లో ఒక్కో గదీ దాటుకుంటూ పోయే భయం ఆటలో ఒక తెర అది. ఒక గది నుంచి ఇంకో గదికి పోయేటప్పుడు, కొత్త గది సామానంతా మెషీను ఎక్కించుకునేదాకా, మధ్యలో ఆ తెర వస్తుంది. పొడవాటి వసారా. మనకు వీపు చూపిస్తూ ఒక ఆడమనిషి. చేతిలో దీపం. వసారా చివర మూసిన తలుపు. కింద మూలన చిన్న అంకె, ఎంత శాతం ఎక్కిందో చెబుతూ.

ఆ మనిషి నడవాలి. నడవదు. తెర రాగానే ఎడమకాలు ఎత్తుతుంది, అంతే, ఎత్తిన కాలు ఎత్తినట్టే, దీపం మంట వంగింది వంగినట్టే, బిగుసుకుపోతుంది. తరవాత ఉన్నట్టుండి కొత్త గది వచ్చి పడుతుంది. బతికుండగా మరిది ఎన్నిసార్లు దెబ్బలాడాడో.

"వదినా, నా మనిషిని ఒంటికాలి మీద నిలబెట్టావు. ఆవిడేమైనా తపస్సు చేస్తోందా?"

"ఆట నడుస్తోంది కదరా. ఓ రెండు క్షణాలు ఆగితే నీ సొమ్మేం పోయింది?"

"ఆవిడ ఎటు పోతోందో చూడాలని లేదూ నీకు?"

"నువ్వే చూపించు."

"చూపించను. ఆటలో నడిచినప్పుడే చూడు." అని తన తెరకు అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. పోయాక ఆ ఫోల్డరు తెరిచి చూసే ధైర్యం ఆమెకూ లేకపోయింది.

ఎందుకు బిగుసుకుంటుందో వదినకు మొదటి నుంచీ తెలుసు. ఆటను నడిపే పనివాళ్ళ లాంటివే థ్రెడ్లు, వాటిలో మెయిన్ థ్రెడ్ అనేది ఒకటి ఉంటుంది. ఒంటరి కాపురంలో ఇల్లాలి లాంటిది. బొమ్మ కదిలించాలన్నా అదే, ఆడేవాడి వేలు చూసుకోవాలన్నా అదే, తెర గీయించాలన్నా అదే. కొత్త గదిని ఎక్కించే పని కూడా దాని నెత్తినే పెట్టింది వదిన. అది డిస్కులోంచి మంచాలూ గోడలూ నీడలూ మోస్తూ కూర్చుంటే, దీపాన్ని కదిలించేదెవరు? చప్పుడు సంగతి మాత్రం వేరు. మొదలైన శబ్దాన్ని మోగించే పని ఇంకో థ్రెడ్‌ది. అందుకని కాలు గాల్లో ఆగిపోయినా, అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. టక్... టక్... టక్... మనిషి కదలదు, నడక వినిపిస్తుంది. కొత్తగా చూసినవాళ్ళు ఒళ్ళు జలదరించి, ఏం ఐడియా అండీ అని మెచ్చుకునేవారు. అది ఐడియా కాదు, తప్పు.

దిద్దే దారీ తెలుసు. లోడింగును వెనక థ్రెడ్‌కి అప్పగించడం. కానీ కిందటి ఆటలో ఆ దారిన పోయి నవ్వులపాలైంది. వెనక లోడింగుకు ఒక మెలిక ఉంది. అంతా ఎక్కినా, సరే, తెరువు అని మనం అనుమతి ఇచ్చేదాకా కొత్త గది తెరుచుకోకుండా ఆపి ఉంచవచ్చు. అలా ఆపినప్పుడు లెక్క తొంభై శాతం దగ్గర నిలబడుతుంది. మిగతా పది అనుమతి ఇచ్చాకే. వదిన నూరు నిండాక అనుమతి ఇద్దామని రాసింది. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు. ఆట తొంభై దగ్గర కూర్చుంది, ఆట చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులందరి ముందూ. ఆ రోజు నుంచీ మరిది ఆమెను తొంభై వదిన అన్నాడు. పాలు తాగి మూతి కాల్చుకున్న పిల్లిలా ఆమె ఇక ఆ గిన్నె జోలికే పోలేదు.

పోవలసిన రోజు వచ్చింది.

తప్పులు వెతికే కుర్రవాణ్ణి ఆఫీసులో శకునం అంటారు. వాడు నోరు తెరిస్తే చెడువార్తే. వాడికో ముసలి మెషీను ఇచ్చి, ఆఫీసు బయటి వసారాలోకి తెరుచుకునే తలుపు పక్కన కూర్చోబెట్టారు. జనం ఇళ్ళల్లో ఉండేవి అలాంటివే కదా, వాటి మీద ఆట నడిస్తేనే నడిచినట్టు. ఆ పొద్దున వాడు ఓనరు ముందే అన్నాడు.

"ఆడి చూడమని బయటివాళ్ళకి ఇచ్చాం కదా సార్. సగం మంది ఆ దీపం తెర దగ్గరే ఆటను చంపేసి పోతున్నారు. నా మెషీనులో అయితే ఆట విండో తెల్లగా పాలిపోయి 'స్పందించడం లేదు' అని కూడా వస్తోంది. ఎవడైనా హ్యాంగయిందనే అనుకుంటాడు."

ఓనరు వదిన వైపు చూడకుండా, కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు. "ఇంకెన్నాళ్ళని చూస్తాం? ఆ తెర తీసేసి నల్లది పెట్టెయ్."

"నల్లది పెట్టినా ఆగేది ఆగుతుంది సార్. కనపడదంతే."

"కనపడకపోతే చాలమ్మా. సంసారాలన్నీ అలాగే నడుస్తున్నాయి." నవ్వి, మళ్ళీ నవ్వు తగ్గించుకున్నాడు. "నాకూ బాధే. వాడు చేసిందని తెలుసు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముసలి మెషీను మీద చూపించు. నడిచిందా, ఉంటుంది. బిగిసిందా, తీసేద్దాం. ఇంక దీని మీద మాటల్లేవు."

వదిన సరేనంది. మరిది చేతి పని ఈ లోకంలో మిగిలింది ఆ వసారా ఒక్కటే. అదీ నల్లబడితే ఇక కుర్చీ మీద స్వెట్టరే.

ఓనరు లోపలికి పోయాక శకునం గొంతు తగ్గించాడు. "వదినా, ఇంకో మాట. ఆయన ముందు చెబితే పిచ్చోడంటాడు. ఆ తెర ఆగినప్పుడల్లా తలుపు కొట్టిన చప్పుడు వస్తోంది."

"ఏ తలుపు?"

"అదే తెలీదు. మూడుసార్లు కొడతారు. మెల్లగా, వేలి కణుపులతో. ఎవరో వచ్చారని నేను లేచి ఈ వసారా తలుపు తీస్తాను. ఎవరూ ఉండరు. ఎన్నిసార్లు తీశానో. కిందింటి పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చే పేషెంట్లేమో అనుకున్నా."

"నాకెప్పుడూ వినపడలేదే."

"మీ మెషీను గుర్రం కదా వదినా. మీకు రెండడుగులు వినపడేలోపు గది వచ్చేస్తుంది."

అదీ నిజమే. అడుగుల తరవాత ఆ శబ్దంలో తలుపు చప్పుడు కూడా పెట్టి ఉంటాడు మరిది. ముసలి మెషీను నత్తలా ఎక్కిస్తుంది కాబట్టి అక్కడిదాకా వినబడుతోంది. బొమ్మ ఆగినా చప్పుడు ఆగదు కాబట్టి, తెరలో కొట్టిన తలుపు వీడికి పక్కన కొట్టినట్టు ఉంటోంది. "వాడి వేషాలేరా అవన్నీ. పో, పని చూసుకో," అంది. అన్నాక ఒకసారి వసారా తలుపు వైపు చూసింది, ఊరికే.

బయట ముసురు. మధ్యాహ్నానికి ముందే గదిలో లైట్లు వేశారు. వదిన పనిలో పడింది. గదిని ఎక్కించే పిలుపును మార్చి వెనక థ్రెడ్‌కి ఇచ్చింది. మెయిన్ థ్రెడ్ చేతులు ఖాళీ అయ్యాయి. ఒక్కో ఫ్రేముకూ, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, తిరిగొచ్చి, ఎంతదాకా వచ్చిందో అడిగి, అంకె మార్చి, దీపాన్ని కదిలించి పోతోంది. తన మెషీనులో నడిపి చూసింది.

ఆడమనిషి ఎత్తిన కాలు దించింది.

వదిన కుర్చీ ముందుకు లాక్కుంది. ఇన్ని నెలలుగా గాల్లో ఉన్న కాలు. రెండో అడుగు వేసింది. కొంచెం ఎడమకు ఒరిగి, మూడోది. అంతలో దీపం చిన్న ఎగురు ఎగిరి, గది వచ్చేసింది.

ఆ ఎగురేమిటో ఆమెకు తెలుసు. సామాను మొయ్యడం వెనక జరిగినా, వచ్చినవాటిని నిద్ర లేపి నిలబెట్టే పని చివర్లో మెయిన్ థ్రెడ్ మీదే పడుతుంది. ఈ గదిలోని వస్తువులన్నీ లేవగానే తలో పనీ మొదలుపెడుతున్నాయి. అందరినీ ఒకేసారి లేపకుండా, ముందు గోడలు, ఆపైన సామాను, ఆపైన నీడలు అని ఫ్రేముకు కొన్ని చొప్పున పంచింది. ఎగురు పోయింది.

ఇంకొక్కటే మిగిలింది. తన గుర్రం మీద ఆ మనిషి తలుపు దాకా చేరకముందే గది తెరుచుకుంటోంది. వాడు ఆటలో చూడమన్నది ఇదా? ఒక్కసారైనా ఆవిడ తలుపు దగ్గరికి చేరాలి. అందుకని అనుమతి పట్టి ఉంచి, రెండు షరతులు రాసింది. ఆవిడ తలుపు కొట్టడం అయిపోవాలి, లోడింగు పూర్తవాలి, అప్పుడు తెరుచుకోవాలి. రాస్తుండగానే ఓనరు గొంతు వినిపించింది. "వదినా, చెయ్యి కడుక్కున్నాను. కానిద్దామా?"

ఆమె మళ్ళీ నడిపి చూసుకోలేదు. మార్చినదంతా కలిపి ఆట కట్టి ముసలి మెషీనుకు పంపించేసింది.

అదే సమయానికి అత్తగారు వచ్చింది. వదిన పొద్దున మర్చిపోయిన అన్నం క్యారియరు పట్టుకుని, తడిసిన గొడుగు వసారాలో ఆరబెట్టి, మోకాలు పట్టుకుని ఆయాసపడుతూ.

"మూడో అంతస్తులో ఆఫీసేంటే అమ్మాయ్, గుడ్లగూబల్లా. నా మోకాలు నన్ను బండబూతులు తిడుతోంది."

"ఎందుకొచ్చారు అత్తయ్యా, బయట తినేదాన్నిగా."

"ఎందుకేంటి. ఇవాళ చిన్నాడి బొమ్మ ఉంచుతారో తీసేస్తారో తేలుస్తారని ఇందాక మీ ఆయనకి ఫోనులో గొణిగావుగా. చెవిటిదాన్నా నేను?" ఓనరు కుర్చీ ఇవ్వబోతే వద్దని చేత్తో వారించింది. "కూర్చుంటే లేవలేను బాబూ. నిలబడే చూస్తాను."

శకునం మీట నొక్కాడు. ముసలి మెషీను గురకపెట్టింది. వసారా వచ్చింది.

ఆడమనిషి నడిచింది. ఈసారి ఆగలేదు. దీపం మంట ఆమెతోపాటు ఊగింది, గోడ మీద నీడ ముందుకు సాగి వెనక్కి తగ్గింది. అడుగు పడ్డప్పుడే టక్ మంది. అంకె మెల్లగా పెరుగుతోంది. ఓనరు ఊపిరి వదిలి, "ఆఁ, ఇదీ" అన్నాడు.

అత్తగారు ముందుకు వంగింది. "ఎడమ మోకాలు లాగుతోంది ఆవిడకి."

వదిన తెరకు దగ్గరగా జరిగింది.

"చూడవే. కుడికాలు గట్టిగా వేసి, ఎడమది ఈడుస్తోంది. భుజం అలా దించుతోంది." ఆమె చెయ్యి తనకు తెలియకుండా తన భుజం మీదికి పోయింది. "నేనేనే అది. వెధవ, నన్ను వెనకనుంచి చూసి గీశాడు."

ఆడమనిషి తలుపు దాకా చేరింది. దీపం ఎడమచేతికి మార్చుకుని, కుడి చేతి కణుపులతో మూడుసార్లు కొట్టింది. మెల్లగా. శకునం వదిన వైపు చూసి, ఇదే అన్నట్టు తలూపాడు.

అంకె అప్పటికే తొంభై.

తలుపు తెరుచుకోలేదు.

ఆడమనిషి నిలబడింది. అంకె తొంభై. ఇంకాసేపు. తొంభై.

"బిగుసుకుంది," అన్నాడు ఓనరు, నిజంగానే బాధగా.

"లేదు సార్," అంది వదిన. తెర మీద వేలు పెట్టింది. "దీపం చూడండి. కదులుతోంది. బిగుసుకోలేదు. ఎదురుచూస్తోంది."

తలుపు ఎందుకు తెరుచుకోలేదో ఆ క్షణంలోనే తెలిసిపోయింది. లోడింగు పూర్తవాలి అని రాసింది. అనుమతి ఇవ్వకుండా అది పూర్తి కాదు. చెయ్యి పాతదారినే పోయింది. అదే తప్పు, అదే అంకె. ఆపేద్దామని కీబోర్డు మీదికి చెయ్యి చాచింది. అత్తగారు మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా, ముసురులో తడిసి ఉన్నాయి.

"ఉండవే. ఆవిడేదో వింటోంది."

అడుగుల చప్పుడు లేదు. వసారాలో గాలి చప్పుడు ఒక్కటే సన్నగా. ఇంత దూరం ఈ శబ్దాన్ని ఎవరూ వినలేదు, ఏ మెషీనూ ఇంతసేపు ఆగలేదు. ఆడమనిషి తల మెల్లగా తిప్పింది. దీపం వెలుగు వెనకనుంచి పడి మొహం చీకటిగా ఉంది, కళ్ళ చోట కూడా చీకటే. తెరలోంచి సూటిగా, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ వైపు. అప్పుడు మరిది గొంతు వచ్చింది. నవ్వు ఆపుకుంటున్న గొంతు.

"వదినా. మళ్ళీ తొంభై దగ్గరే కూర్చున్నావా? తలుపు తియ్యడం మర్చిపోయావు. తియ్యి తల్లీ. అమ్మ నిలబడే ఉంది. మోకాలు నొప్పి ఆవిడకి."

తరవాత గాలి చప్పుడు.

శకునం కుర్చీ వెనక్కి జరిగింది. ఓనరు చేతిలో చేతిరుమాలు అలాగే ఉండిపోయింది. నిలబడే ఉన్న అత్తగారు కన్నీళ్ళు పెట్టుకోలేదు. తెరలోని మొహంలేని మనిషితో, పక్కింటావిడతో మాట్లాడినట్టు అంది. "ఈ కోడలు నన్ను ఎప్పుడు నిలబెట్టదు గనక."

వదిన చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎప్పటికో ఒకప్పటికి ఆమె ఈ దారికి వస్తుందని వాడికి తెలుసు. వచ్చినప్పుడు ఎక్కడ తప్పటడుగు వేస్తుందో కూడా తెలుసు. ఆ తప్పు చెయ్యకపోతే ఈ మాట ఎప్పటికీ ఎవరికీ వినిపించదు. అలా దాచిపెట్టి పోయాడు.

"తీసెయ్యద్దు," అన్నాడు ఓనరు. "ఈ తెర తీసేస్తే నా చేతులు పడిపోతాయి. ఆ తొంభై సంగతి చూడమ్మా."

దిద్దడం ఒక్క వరస పని. పూర్తయిందా అని కాక, తొంభైకి చేరిందా అని అడగాలి. ఆమె వేళ్ళు మీటల మీద పెట్టి ఆగిపోయింది. ఇది దిద్దితే తలుపు ఎప్పుడూ సమయానికి తెరుచుకుంటుంది. ఆవిడ ఇక వెనక్కి తిరగదు. వాడు ఇక మాట్లాడడు. ఫైలులో ఉంటాడు, ఆటలో ఉంటాడు, ఎవరూ అక్కడిదాకా వినరు.

"ఏమే, ఆలోచిస్తున్నావు?" అంది అత్తగారు.

"ఇది రాస్తే వాడి గొంతు ఇక రాదు అత్తయ్యా."

ముసలావిడ తెర చూసింది. అంకె ఇంకా తొంభై. దీపం ఊగుతోంది. "తియ్యమన్నాడు కదే. గుమ్మంలో ఎంతసేపు నిలబెడతావు మనుషుల్ని?"

వదిన ఆ వరస మార్చింది. మళ్ళీ కట్టి నడిపారు. ఆడమనిషి నడిచింది, మూడుసార్లు కొట్టింది, తలుపు తెరుచుకుంది, గది వచ్చింది. నీళ్ళు పారినట్టు. ఓనరు తృప్తిగా తలాడించి, అత్తగారిని తన గదిలోకి తీసుకెళ్ళి బలవంతాన కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

ఇక మిగిలింది పాతదానికీ కొత్తదానికీ తేడా చూసి రాసిపెట్టడం. శకునం ముసలి మెషీను మీద నిన్నటి ఆట తెరిచాడు. వదిన వాడి భుజం మీంచి చూస్తోంది. వసారా. ఎత్తిన ఎడమకాలు. బిగిసిన మంట. టక్, టక్, టక్. విండో పాలిపోయింది. టక్, టక్. గది వచ్చి పడింది. ఆ క్షణంలోనే అడుగుల చప్పుడు తెగిపోయింది.

"మళ్ళీ పెట్టు," అంది వదిన.

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే. ఆవిడ తలుపు దాకా చేరాలంటే ఇంకా అన్నే అడుగులు ఉండగా గది వచ్చేస్తోంది. తెర పోగానే దాని శబ్దమూ పోతోంది. వేరే గదులకూ చూశారు. అన్నిట్లోకీ పెద్ద గదికి కూడా, తలుపు చప్పుడు రావలసిన చోటుకు ఆ శబ్దం ఒక్కసారీ చేరలేదు.

శకునం వెనక్కి తిరిగాడు. "మరి నేను విన్నది?"

పొద్దున వదినే ఎంత తేలిగ్గా చెప్పేసింది, అవన్నీ వాడి వేషాలేనని, కొలిచి చూడకుండా.

"ఎన్నిసార్లు తలుపు తీశాను వదినా," అన్నాడు వాడు, దాదాపు గుసగుసగా. "తీసి, ఎవరూ లేరని మొహం మీదే వేసేశాను."

ముసురు పట్టుకుని వదల్లేదు. ఓనరు గదిలోంచి గ్లాసు చప్పుడూ, అత్తగారి దగ్గూ వినిపిస్తున్నాయి. ఆటలో ఏ శబ్దమూ లేదు, శకునం స్పీకర్ల తీగ పీకి చేతిలో పట్టుకున్నాడు.

వసారా తలుపు మీద మెల్లగా, వేలి కణుపులతో, మూడుసార్లు.

శకునం కదల్లేదు. వదిన లేచి, తలుపు తీయడానికి వెళ్ళింది.